బండ మీద ఏడోవాడు

సుంకప్ప ఇరవై ఏళ్లుగా అమావాస్య చీకటిని నమ్ముకున్నవాడు. పోలీసు కమాండో జట్టుకు పెద్ద. కొండల్లో కనపడకుండా పడుకోవడంలో ఆయనకు సాటి లేదనేవాళ్లు. అలాంటివాడు శింగనమల గుట్టల్లో జరుగుతున్న శిక్షణలో వరసగా రెండు రాత్రులు దొరికిపోయాడు. తెల్లారేదాకా దాక్కుంటే గెలిచినట్టు. మూడున్నరకల్లా వాళ్లను వెతికే రెండో జట్టు వచ్చి చుట్టుముట్టేది.

ఎవరో ఉప్పందిస్తున్నారు, సందేహం లేదు. ఆయన చూపు గుమ్మఘట్ట ఓబిలేష్ మీద పడింది. నిరుటిదాకా రెండో జట్టులో పనిచేసి వచ్చాడు, ఫోనులో కన్నడంలో గుసగుసలాడతాడు. అనుమానించడానికి అంతకన్నా ఏం కావాలి?

మూడో సాయంత్రం ఓబిలేషే నోరు విప్పాడు.

"పొదల్లో వద్దు సార్. వాళ్ల కెమెరాకు వెలుతురుతో పనిలేదు, ఒంటి వేడిని చూస్తాది. పొద్దుగూకినాక బండలు కాలుతాంటాయి, వాటిలో మనమూ కలిసిపోతాం. తెల్లారుజామున బండ సల్లబడితే మనం కెమెరాలో తెల్లగా బయటపడతాం. ఆ పెద్ద బండ కిందికి దూరితే సాలు. రాతిని దాటి అది చూడలేదు."

"వాళ్ల కెమెరా గుట్టు నీకెట్ల తెలుసప్పా?"

"ఆడ పనిచేసినా కదా సార్."

దొంగ తనంతట తానే దొరికాడనుకున్నాడు సుంకప్ప. ఫిర్యాదు కాగితం ముందే జేబులో ఉంది, ఓబిలేష్‌ను కమాండోల్లోంచి తీసేయమని. అందరి ఫోన్లూ గుంజుకుని, ఆరుగురినీ బండ కిందికి తోశాడు. తాను మాత్రం కాపలా అని చెప్పి, కంబళి కప్పుకుని బండ పైన పడుకున్నాడు. చుక్కల వెలుగును పెంచి చూపే కళ్లద్దాల్లోంచి, అంచు మీద వంగి వంగి ఓబిలేష్ కాళ్లనే చూశాడు. అవి కదల్లేదు. అయినా మూడున్నరకు బూట్ల చప్పుడు వచ్చింది.

పొద్దున డేరాలో రెండో జట్టు ఇన్‌స్పెక్టర్ ఈశ్వరి ఎదుటి గుట్ట నుంచి తీసిన వీడియో వేసింది. చల్లబడిన బండ నల్లగా ఉంది. కింద ఒక్క మనిషి జాడ లేదు. పైన మాత్రం ఒక ఆకారం తెల్లగా వెలుగుతోంది. ఒంటి వేడికి కంబళి కూడా వెచ్చబడింది. తల మాటిమాటికీ కిందికి వంగుతోంది.

"కిందుండేవాళ్లు మాకు కనపడనే లేదు. పైనున్న ఆయప్ప అదే పనిగా కిందికి చూస్తాంటే, ఆడ ఏముండాదో అని వచ్చినాం" అంది ఈశ్వరి.

ఎవరూ నవ్వలేదు. సుంకప్పకు తల కొట్టేసినట్టయింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

"సుంకప్పా, ఏదో ఫిర్యాదు ఇస్తానంటివే?" అని అడిగింది ఈశ్వరి.

"ఇస్తా మేడం. పేరు తప్పు రాసినా."

కాగితం తీసి, ఓబిలేష్ పేరు కొట్టేసి తన పేరు రాశాడు. పక్కనే నిలబడ్డ ఓబిలేష్ దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"తేదీ మొన్నటిదుండాది సార్" అన్నాడు. "నేను బండ సంగతి చెప్పింది నిన్న."

ఓబిలేష్ తన ఫోను అడిగి తీసుకుని డేరా బయటికి నడిచాడు.