పేరు నాది, కత్తెర నీది

అక్కమ్మ బళ్లో చదువుకోలేదు. గోడ క్యాలెండరు మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్న మనిషి. అందుకే హిందూపురం మార్కెట్ వీధిలో మనవడు లోకేష్ పెడుతున్న సెల్‌ఫోన్ సామాన్ల అంగడికి పిలుపు రాయడంలో ఆమెకూ ఒక చేయి పడింది.

"శుభారంభం! శుక్రవారం ఉదయం 10:40కి. మా చిన్నవ్వ యల్లక్క గారి చేతుల మీదుగా. మొదటి యాభై మందికి టెంపర్డ్ గ్లాస్ ఉచితం. పౌచ్‌లు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు అన్నీ ఒకే చోట. తప్పక రండి."

చిన్నవ్వ పేరు అక్కమ్మ చేర్పించిందే. యల్లక్క ఆమె చెల్లెలు, పెనుకొండలో ఉంటుంది. పదకొండేండ్ల కిందట తల్లి పోయినప్పుడు యల్లక్కకు కబురు ఆలస్యంగా వెళ్లింది. పొద్దు గుంకుతుందని శవాన్ని ఎత్తేశారు. ఆమె వచ్చేసరికి కాటిలో చితి ఆరిపోతోంది. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. పేరు అచ్చేసి పిలిస్తే కాదనలేదని అక్కమ్మ ఆశ.

మంగళవారం లోకేష్ ఆ పిలుపు ఫొటోను యల్లక్క మనవరాలు చందనకు వాట్సాప్‌లో పంపాడు. చేతులు జోడించిన గుర్తు ఒకటి తిరిగొచ్చింది. అక్కమ్మ దాన్ని పదిసార్లు చూపించమంది.

గురువారం సాయంత్రం ఆమె క్యాలెండరు ముందు నిలబడి మనవణ్ని కేకేసింది.

"ఒరే లోకేషూ, శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఉండాది. నువ్వు పది నలభై పెట్టినావే!"

"ఆ టైముకే కదవ్వా మార్కెట్లో జనం ఉండేది."

"జనాన్ని చూసుకుంటే అంగడి నిలబడదురా. తొమ్మిదీ పదికి మార్చు."

అవ్వ ఒకసారి పట్టుకుంటే వదలదు. లోకేష్ అంగడి ముందు కట్టిన ఫ్లెక్సీ మీద 10:40 కనబడకుండా 9:10 అని స్టిక్కరు అంటించాడు. వాట్సాప్‌లో పాత స్టేటస్ తీసేసి కొత్తది పెట్టాడు.

"చందనకు ఫోన్ చేసి చెప్తానవ్వా."

"వద్దురా. ఫోన్ చేస్తే మీ చిన్నవ్వ రాననేస్తాది. ఆ మాట నా చెవిన పడితే ఇంక ఆశే లేదు. స్టేటస్ చూస్తాదిలే ఆ పిల్ల."

పడుకునే ముందు స్టేటస్ చూసినవాళ్ల పేర్లు చదివించుకుంది. చందన పేరు లేదు. తెల్లారేసరికి చూస్తుందిలే అనుకుంది.

పొద్దున తొమ్మిదికే అంగడి ముందు జనం చేరారు. కట్టిన రిబ్బను వెనకాల దీపం, టెంకాయ సిద్ధంగా ఉన్నాయి. అక్కమ్మ కళ్లు మాత్రం బస్టాండు దారి మీదే. తొమ్మిదీ పది దాటింది. తొమ్మిదిన్నర కూడా దాటింది.

"ఏమబ్బా, గ్లాసు ఇస్తారా, ఇంటికి పోదుమా?" అని పక్కనున్న చెప్పుల అంగడి కుళ్లాయప్ప ఎకసెక్కెమాడాడు.

"అవ్వా, ఈడుండేవాళ్లు పోతే మళ్లీ రారు," అన్నాడు లోకేష్.

పది దాటాక అక్కమ్మే కత్తెర అందుకుంది. రిబ్బను రెండోసారికి గానీ తెగలేదు. జనం లోపలికి తోసుకొచ్చారు. లోకేష్ ఒక్కొక్కరి ఫోన్ తుడిచి, గ్లాసు అంటించి, బుడగలు వేలితో నెట్టి ఇస్తున్నాడు. గ్లాసు పెట్టె సగం ఖాళీ అయింది.

సరిగ్గా పది ముప్పై ఐదుకు ఆటో దిగింది యల్లక్క. తలలో పూలు, కొత్త పట్టుచీర, చేతిలో పసుపు కుంకాల పళ్లెం. తెగి వేలాడుతున్న రిబ్బను చూసి ఆగిపోయింది.

"యల్లీ!" అంటూ అక్కమ్మ మెట్టు దిగింది. "రాహుకాలమని ముందుకు మార్చినాము. స్టేటస్‌లో పెట్టినాము తల్లీ..."

యల్లక్క వినలేదు. ఫ్లెక్సీ దగ్గరికి నడిచి స్టిక్కరు మూలను గోరుతో లేపింది. అడుగున 10:40 కనిపించింది.

"పేరు నాది, కత్తెర నీది. ఫోన్ల అంగడి పెట్టి, ఒక్క ఫోన్ చేయలేకపోతివా అక్కా?"

"రాననేస్తావేమోనని భయపడితి."

"అమ్మను ఎత్తేసినాక వచ్చినా. ఈపొద్దూ అంతా అయిపోయినాకే వచ్చినా. ఏం కావాలని పిలిచినావు నన్ను?"

లోకేష్ పరుగున వచ్చి, "చిన్నవ్వా, కూర్చో. నీ ఫోన్‌కు గ్లాసు ఏసిస్తా," అన్నాడు.

యల్లక్క రొంటిన దోపుకున్న బటన్ ఫోన్ తీసి చూపించింది. "దీనికి ఏస్తావా నాయనా?" అని, పళ్లెం అతని చేతిలో పెట్టింది. వచ్చిన ఆటో ఇంకా అక్కడే ఉంది. ఎక్కి కూర్చుంది. అక్కమ్మ కమ్మీ పట్టుకుని పక్కనే నాలుగడుగులు నడిచింది. ఆటో వేగం అందుకోగానే చేయి జారిపోయింది. చెల్లెలు వెనక్కి తిరగలేదు.

అంగట్లో బేరం బాగానే సాగుతోంది. అక్కమ్మ ఫ్లెక్సీ ముందు నిలబడి లేచిన స్టిక్కరు మూలను బొటనవేలితో నొక్కింది. జిగురుకు దుమ్ము పట్టి మూల మళ్లీ లేచింది. ఆమె మళ్లీ నొక్కింది. అది నిలవలేదు.