ఆయన జీతం తీసేసిన లెక్క

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనేవాళ్లు. ఆమె భర్త కూడా టైలరే. పెళ్లికి ముందు ఇద్దరూ ఒకే కొట్లో, ఎదురెదురు మిషన్ల మీద పని నేర్చుకున్నారు. ఆయనకు కత్తెర బాగా వశమైంది. దూరపు ఊళ్లోని బట్టల ఫ్యాక్టరీవాళ్లు కటింగ్ మాస్టరుగా తీసుకున్నారు. రెండేళ్లు చేసి వచ్చేస్తానని వెళ్లినవాడు ఆరేళ్లయినా అక్కడే ఉన్నాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, సంచి పూర్తిగా విప్పకుండానే మళ్లీ బయల్దేరేవాడు.

ఆమె అద్దె ఇంటి ముందుగదిలో దుకాణం నడుపుతోంది. అత్తగారు గడప దగ్గర కూర్చుని గుండీలు కుట్టిపెడుతుంది. బజారు అవతలి బడివాళ్లు, పనితనం నచ్చి, వచ్చే ఏడాది యూనిఫారాలన్నీ కుట్టగలవా అని అడిగారు. అలా కుట్టాలంటే వేగంగా నడిచే పెద్ద మిషన్ ఒకటి, బట్ట అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఒకటి కావాలి. తాకట్టు పెట్టడానికి ఇల్లు లేదు, బంగారమూ లేదు. చిన్న వ్యాపారాలకు తాకట్టు లేకుండా బ్యాంకు అప్పిస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టింది.

మిషన్లు వస్తే పని పెరుగుతుంది, పని పెరిగితే కత్తిరించే మనిషి కావాలి, ఆ మనిషి ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పు అడిగింది అందుకే. దరఖాస్తులో మాత్రం ఆ మాట రాసే గడి లేదు.

వారం తిరక్కుండా బ్యాంకు నుంచి లోన్ ఆఫీసరు దుకాణం చూడటానికి వచ్చింది. నడివయసు మనిషి. వస్తూనే గుర్తింపు కార్డు, అద్దె అగ్రిమెంటు, దుకాణం లైసెన్సు, మిషన్ల కొట్టువాడిచ్చిన ధరల కొటేషను, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు బల్లమీద పరుచుకుంది. ఆర్డర్ల పుస్తకంలో చేతికొచ్చిన డబ్బును, బ్యాంకులో వేసినదాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. దారాలు, గుండీలు, కరెంటు బిల్లులు విడిగా తీసింది.

"తాకట్టు లేదు కదమ్మా, అందుకే ఇంత తవ్వడం. మీ రాబడే మాకు ఆధారం," అంది. స్టేట్‌మెంటులో నెలనెలా వచ్చి పడుతున్న ఒక మొత్తం దగ్గర పెన్ను ఆపింది. "ఇది ఎవరు పంపేది?"

"మా ఆయనండీ. జీతం."

"ఇది దుకాణం రాబడి కాదు, విడిగా రాస్తాను. కానీ ఇంటి అద్దె, తిండి దీంతో గడిచిపోతున్నాయి కాబట్టి దుకాణంలో మిగిలేది వాయిదాకి సరిపోతుంది. మూడేళ్ల అప్పు. రెండు మిషన్లూ వస్తాయి."

గడప దగ్గర అత్తగారి ముఖం వెలిగింది. టైలరమ్మ మాత్రం మెడలోని టేపు కొసని చుడుతూ, విప్పుతూ నిలబడింది.

"ఆయన ఉద్యోగం మానేసి వచ్చేస్తేనండీ?"

"ఎప్పుడు?"

"మిషన్లు రాగానే అనుకుంటున్నాను."

ఆఫీసరు పెన్ను మూత పెట్టింది. "అయితే ఇంటి ఖర్చు కూడా దుకాణమే మోయాలి. రెండు మిషన్ల వాయిదా మోయలేదు. ఆలోచించుకుని ఉన్నమాట చెప్పండి. కట్టాల్సింది మీరు."

మధ్యాహ్నం, ఆయన భోజనం వేళ చూసి ఫోను చేసింది. విషయం విని ఆయన నవ్వేశాడు.

"దానికింత ఆలోచనెందుకే? నేనొస్తున్నానని వాళ్లకెందుకు చెప్పడం? రెండూ తీసేసుకో."

"తీసుకున్నాక మీరొచ్చేస్తే వాయిదా ఎలా కడతాం?"

"అందుకే రాను. మూడేళ్లేగా."

అవతల గిన్నెల చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆమె అడిగింది, "మీకు రావాలని లేదా?"



"ఇక్కడ పొడుగు బల్లమీద బట్ట తాను పరుస్తాం కదా. ఈ కొస నేను పట్టుకుంటే ఆ కొస ఎవడో ఒకడు పట్టుకుంటాడు. ఇవాళ ఉన్నవాడు రేపుండడు. పరిచినప్పుడల్లా తలెత్తి అటు చూస్తాను. ఎందుకు చూస్తానో నాకే తెలీదు."

"నాకు తెలుసు," అంది. ఇక ఏం మాట్లాడినా ఏడుపొస్తుందని ఫోను పెట్టేసింది.

అత్తగారు అంతా వింది. దారం పళ్లతో తెంపి, "నువ్వు ఒకటి కొంటావో రెండు కొంటావో నాకు తెలీదమ్మాయ్. గదినిండా మిషన్లు పెట్టేసి, వాడొస్తే ఎక్కడ పడుకోబెడతావ్? నా నెత్తిన?" అంది.

మర్నాడు టైలరమ్మ బ్యాంకుకి వెళ్లింది. "ఆయన జీతం తీసేయండి. ఇంటి ఖర్చు దుకాణం మీద వేయండి," అని చెప్పింది.

ఆఫీసరు నెల నెలకీ మళ్లీ లెక్క కట్టింది. బళ్లు తెరిచే నెలల్లో, పెళ్లిళ్ల నెలల్లో బాగానే మిగులుతోంది. మధ్యలో రెండు నెలలు దాదాపు ఏమీ మిగలడం లేదు. ఆఫీసరు ఆ గడుల మీద వేలు పెట్టి చూపించింది.

టైలరమ్మ సంచిలోంచి చీటీల కట్ట తీసింది. "అంచుల కుట్టు ఇప్పుడు పక్కవీధిలో ఇచ్చి చేయించుకుంటున్నానండీ. వారం వారం ఇంత పోతోంది. ఓవర్‌లాక్ వస్తే ఇది నాకే మిగులుతుంది."

ఆఫీసరు చీటీలన్నీ కూడింది. "రేపొచ్చే ఆర్డర్లంటే నేను సగమే నమ్ముతాను. ఇప్పుడు పోతున్న ఖర్చు ఆగుతుందంటే నమ్మొచ్చు. దారం, కరెంటు పోను మిగిలింది వేస్తాను."

"మరి ఆయన వచ్చి చేసే పని?"

"ఆయన ఇంకా రాలేదు కదమ్మా. రాని మనిషి పని లెక్కలోకి రాదు."

నిజమే. కానీ ఆ మాట ఆమెను ఎక్కడో పొడిచింది. ఆరేళ్లుగా ఆమె రోజుల్లో సగం ఆ రాని మనిషి చుట్టూనే తిరుగుతున్నాయి.

చివరికి ఓవర్‌లాక్ ఒక్కటే తేలింది. వాయిదా తగ్గడానికి గడువు నాలుగేళ్లకి పెంచారు. "గడువు పెరిగితే మొత్తం మీద వడ్డీ కూడా ఎక్కువవుతుంది, తర్వాత నన్ననకండి," అని ఆఫీసరు ముందే చెప్పింది. మిషన్ కుదురుకునేదాకా రెండు నెలలు వడ్డీ మాత్రమే. పని మందగించే నెలల్లో వాయిదా తక్కువ, బళ్లు తెరిచే నెలల్లో ఎక్కువ. ఖరీదులో కొంత ఆమె చేతినుంచి వేసుకుంది, మిగతాది బ్యాంకు నేరుగా కొట్టువాడికే కట్టింది. అప్పు తీరేదాకా ఆ మిషన్ మీద బ్యాంకుకి హక్కుంటుంది. బడివాళ్లకి యూనిఫారాలన్నీ కుట్టలేనని, చిన్న తరగతులవి కుడతానని చెప్పి వచ్చింది. వాళ్లు కాస్త ముఖం మాడ్చుకుని ఒప్పుకున్నారు.

మిషన్ వచ్చింది. ఆయన రాలేదు. రాజీనామా ఇస్తే, చేతిలో ఉన్న సరుకు పూర్తయ్యేదాకా కదలొద్దన్నారట. వడ్డీ నెలలు దాటిపోయాయి. అసలు వాయిదా కోసం ఏ వారానికావారం బ్యాంకులో వేస్తోంది. గోడవైపు బల్లకి సరిపడా చోటు ఖాళీగా ఉంచింది. ఎవరైనా సంచి అక్కడ పెట్టబోతే, "అక్కడొద్దండీ," అని అందుకునేది. అత్తగారు మాత్రం ఆ చోట్లో చాప వేసుకుని దర్జాగా కునుకు తీసేది. మొదటి పూర్తి వాయిదా కట్టిన సాయంత్రం ఆయనకి ఫోన్లో చెబితే, "నేను లేకుండానే కట్టేశావన్నమాట," అన్నాడు. ఆ గొంతులో గర్వముందో, బెంగ ఉందో ఆమెకి తేలలేదు. రెండూ ఉన్నాయేమో.

ఒక మధ్యాహ్నం బడి టీచరమ్మ జాకెట్టుకి కొలతలిస్తోంది. టైలరమ్మ ఛాతీ కొలత చూసి, రాసుకోవడానికి తలెత్తింది. గిరాకీలు కూర్చునే బెంచీమీద ఆయన ఉన్నాడు. ఒళ్లో సంచి, కాళ్ల దగ్గర పరుపు చుట్ట. ఈసారి పరుపు కూడా తెచ్చుకున్నాడు.

"కానీయ్, ఆవిడది అయ్యాకే నాది," అన్నాడు.

ఆమె మళ్లీ ఛాతీ కొలిచింది. మళ్లీ మర్చిపోయింది.

"ఇందాకే కొలిచారుగా?" అంది టీచరమ్మ.

"ముప్ఫై ఆరు," అన్నాడు ఆయన బెంచీమీంచే, కంటికొలతతో. టీచరమ్మ చిరాగ్గా వెనక్కి తిరిగి చూసింది. టైలరమ్మ తల వంచుకుని ఆ అంకె రాసుకుంది. లోపలినుంచి అత్తగారు, "ఎవరమ్మాయ్ వచ్చింది?" అని అడుగుతోంది. ఆమె టేపు మెడలో వేసుకుని, పరుపు చుట్ట తీసి గోడవైపు ఖాళీ చోట్లో పెట్టింది.