పైపూత

నా మొగుడి మీద కాగే నూనె ఒలకబోసినవాడే, రోజూ మా ఇంటికొచ్చి ఆ కాలికి తెల్ల క్రీము రాసేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. వాడు అంటున్నానని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే వేసుకోండి. వరసకి నాకు అన్నయ్యగారే. మా ఆడపడుచు నాగవల్లి భర్త జయకృష్ణ.

మాది కొండపల్లి. మా ఆయన కిరీటి, ఆయన బావ జయకృష్ణ కలిసి పెళ్ళిళ్ళకి వంటలు చేస్తారు. ఆ రోజు ఇబ్రహీంపట్నంలో ఒక ఫంక్షన్ హాలు. నేనూ వదినా ఒక పక్క కూర్చుని కూరలు తరుగుతున్నాం. మా ఆయన గారెలు వేస్తూ, “ఇది నిన్నటి నూనె బావా, నల్లబడిపోయింది. పారబోసి కొత్తది పెడదాం” అన్నారు. ఆయన అన్నది అంతే. పనివాళ్ళ ముందు తనకి చెప్పడమేమిటని జయకృష్ణకి పౌరుషం పొడుచుకొచ్చింది. “నాకు నేర్పుతావురా?” అంటూ పొయ్యిని ఒక్క తన్ను తన్నాడు. బాణలి ఒరిగి నూనె మా ఆయన తొడ మీద నుంచి పిక్క దాకా కారింది. ఆ కేక విని భోజనాల హాల్లో మేళం ఆగిపోయింది.

డ్రమ్ములోని నీళ్ళు చెంబులతో ముంచి కాలి మీద పోస్తూనే ఉన్నాను. నొప్పితో వణికిపోతూ కూడా ఆ మహానుభావుడు నాతో అన్న మొదటి మాట, “జారిపడ్డానని చెప్పు. అక్క కాపురం శాంభవీ.”

మా వీధి చివర క్లినిక్కులో డాక్టరు అచ్యుతరామారావు గారికీ అదే అబద్ధం చెప్పాం. ఆయన గాయం శుభ్రంగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ చేసి, సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము రాసి కట్టు కట్టారు. “యాంటీబయాటిక్ బిళ్ళలు వద్దాండీ?” అని అడిగాను.

“ఇప్పుడు ఇన్ఫెక్షన్ లేదమ్మా. లేనిదానికి బిళ్ళలిస్తే లాభం లేదు. మొండి క్రిములే మిగులుతాయి. రోజూ పాత క్రీము పూర్తిగా కడిగేసి కొత్తది రాయాలి. గాయం చుట్టూ ఎరుపు పాకినా, జ్వరమొచ్చినా, వాసనొచ్చినా ఒక్క క్షణం ఆగొద్దు, తీసుకొచ్చెయ్యండి” అన్నారు.

అందులో జయకృష్ణ చెవికెక్కింది ఒక్క ముక్క. బిళ్ళలు అక్కర్లేదు, క్రీము చాలు. మళ్ళీ డాక్టరు దగ్గరికెళితే ఎలా కాలిందని ఆరా తీస్తారని వాడి భయం. కట్టు తనే కడతానని పట్టుబట్టాడు. కడిగితే మా ఆయన ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నారని, పాతదాని మీదే కొత్తది మెత్తడం మొదలుపెట్టాడు. గోడకి సున్నం వేసినట్టు.

నాలుగు రోజులు గడిచేసరికి గాయం మీద పచ్చని పొర కనబడింది. చీము పట్టిందనుకుని డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆ క్రీము గాయం రసితో కలిస్తే అలా పొర కడుతుందని, అది చీము కాకపోవచ్చని, కానీ దాని కింద ఏముందో కడిగి చూస్తేనే తెలుస్తుందని, వెంటనే తీసుకురమ్మని చెప్పారు. జయకృష్ణ మళ్ళీ సగమే విన్నాడు. “చూశావా? క్రీమేనంట. ఊరికే కంగారు పడతావు” అని నవ్వాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ మా ఆయనే “వద్దులే” అన్నారు. ఆయన వద్దంటే నేనెందుకు నోరు మూసుకున్నానో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆయన పళ్ళు టకటకలాడేలా వణికారు. ఒళ్ళు నిప్పు. కట్టు విప్పితే కుళ్ళు వాసన గుప్పుమంది. ఆయన ఎంత అరిచినా వదలకుండా క్రీమంతా కడిగేశాను. కింద గాయం ముదురు రంగుకి తిరిగి అక్కడక్కడా నల్లబడింది. చుట్టూ మంచి చర్మం కూడా ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉబ్బింది. అప్పటికీ ఆయన ఆసుపత్రి వద్దనే అన్నారు. ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీశాను. మధ్యాహ్నానికి ఎరుపు ఆ గీత దాటేసింది. తొడ మీదుగా ఒక ఎర్రని చార పైకి పాకింది. గజ్జల్లో ఉసిరికాయంత బిళ్ళ కట్టింది. పొద్దుట్నుంచి ఒంటేలుకి పోలేదు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే కేకలేశారు. “క్రీము పైపూతమ్మా! అది పైనే ఉంటుంది. విషం ఒంట్లోకి పాకుతోంది. ఇప్పుడు మందు రక్తంలోకి ఎక్కాలి, బిళ్ళలు కూడా చాలవు. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపో, ఇప్పుడే!”

ఆటో పిలిచాను. అది వచ్చి ఆగిందో లేదో జయకృష్ణ, వెనకే వదిన దిగబడ్డారు. వాడు లోపలికొచ్చి తలుపు గడియపెట్టి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆసుపత్రికెళితే పోలీసులొస్తారు. బిళ్ళలు నేను తెస్తాను. కదలడానికి వీల్లేదు.”

“తప్పుకో.”

“ఏంటే, ఏకవచనం?”

గోడకి ఆనించి ఉన్న జల్లిగరిటె అందింది. ఇనుపది, పెళ్ళివంటలది. భుజం మీద ఒక్కటేశాను. వాడు నా జుట్టు పట్టుకుని తల తలుపు చెక్కకేసి కొట్టాడు. కళ్ళల్లోకి రక్తం కారింది. నేను వాడి చెయ్యి కొరికాను, పళ్ళకి ఎముక తగిలేదాకా. వాడు గొంతు పట్టుకున్నాడు. వదిన వెనకనుంచి నా చేతులు రెండూ విరిచి పట్టుకుని ఏడుస్తోంది. “ఆగవే, నా పుస్తెలు తెగిపోతాయే!”

అప్పుడు మంచం మీద నుంచి మా ఆయన తల తిప్పి వదినకేసి చూశారు. ఊపిరి కుక్కలా ఎగపోస్తున్నారు. “ఎవరండీ మీరు? మా అక్కని పిలవండి. దాహమేస్తోంది.”

వదిన మొహం పాలిపోయింది. “నేనేరా కిరీటీ, అక్కనిరా.” ఆయన అలాగే అర్థం కానట్టు చూస్తున్నారు. చేత్తో ఎత్తి పెంచిన తమ్ముడు.

వదిన నా చేతులు వదిలేసింది. నా చేతిలోంచి పడిన గరిటె తీసి మొగుడి మోకాళ్ళ మీద ఎంత బలంగా కొట్టిందంటే, వాడు బావురుమంటూ కూలబడ్డాడు. వాడి మీద నుంచే దాటి గడియ తీసింది. ఇద్దరం మా ఆయన్ని మోసుకుని ఆటోలో పడేశాం.

క్యాజువాలిటీలో బీపీ చూసి పరుగులు పెట్టారు. సెలైన్లు ఎక్కించారు, పరీక్షకి రక్తం తీశారు, వెంటనే యాంటీబయాటిక్ నరానికి ఎక్కించారు. సాయంత్రం లోపలికి తీసుకెళ్ళి కుళ్ళిన కండ కోసి తీసేశారు. ఇంకొక్క పూట ఆగితే మనిషి దక్కేవాడు కాదని సర్జన్ నా మొహమ్మీదే అన్నారు. ఆసుపత్రివాళ్ళు కబురు చేస్తే వచ్చిన కానిస్టేబులు అలా కాలిందెలాగని అడిగితే, మా ఆయన మత్తులోనే “తన్నకు బావా, తన్నకు” అంటూనే ఉన్నారు. జ్వరం పలవరింత అని అతను రాసుకోలేదు. స్పృహ వచ్చాక ఆయన నోటితోనే విని రాసుకుంటానని వెళ్ళాడు.

జ్వరం దిగడానికి మూడు రోజులు పట్టింది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు, నా నుదుటి కుట్లు చూశారు, పక్కన వదినని చూశారు. “అక్కా” అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, “జారిపడ్డానని చెప్పావు కదూ?” అన్నారు.

అబద్ధమాడుతున్నారంటే మనిషి తెలివిలోకొచ్చారన్నమాట. సంతోషంతో ఏడ్చాను, అదే నోటితో చెడామడా తిట్టాను.

కానిస్టేబులు వచ్చాడు. మాట్లాడగలడని డాక్టరు చెప్పాక మంచం దగ్గర నిలబడి, “ఎలా కాలిందండీ?” అని అడిగాడు.

“కాలు జారిందండీ” అన్నారు మా ఆయన.

నేను నోరు తెరిచేలోపు వదిన లేచి నిలబడింది.

“వాడి మాట రాసుకోకండి. మా ఆయన తన్నాడు. నేను చూశాను. నా పేరు నాగవల్లి, రాసుకోండి.”