గేర్‌బాక్సు ఖరీదు

షాహుల్ పోయిన రోజున గేర్‌బాక్సు మాత్రం క్షేమంగా ఇల్లు చేరింది. ప్రొద్దుటూరులో దాన్ని ఆటోలోకి ఎక్కించి, తను మోటారు సైకిలు మీద వెనకాలే బయలుదేరాడు. ఆటో జమ్మలమడుగు వచ్చింది. షాహుల్ రాలేదు.

కొడుకు నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక కమాల్ బాషా ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఆ గేర్‌బాక్సును షెడ్డులోని పాత బండల పాలిష్ మిషనుకు తనే బిగించాడు. అప్పటినుంచి పొద్దున్నే స్విచ్చి వేసే ముందు దాని మీద ఒకసారి చెయ్యి పెడతాడు. బస్సుకు పోయే ముందు షెడ్డుకు వచ్చే కూతురు ఫర్హానా అది చూడనట్టు బండల లెక్క చూసుకుంటుంది.

ఆమె ప్రొద్దుటూరులో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకే వస్తుంది. వచ్చినా కూర్చోదు. మిషను తిరుగుతుంటే పలక అదురుతుంది, అదిరినప్పుడల్లా ఏదో ఒక బండ అంచు పెచ్చు లేస్తుంది. ఆ చప్పుడు వినపడితే చాలు, ఆమె ఎక్కడున్నా లేచి నిలబడుతుంది. పక్క షెడ్లలో కొత్త మిషన్లు వచ్చాయి. వాళ్ళ బండకూ వీళ్ళ బండకూ ఒకటే ధర, కరెంటు బిల్లు మాత్రం ఒకటి కాదు. ఇలాగే ఇంకో ఏడాది నడిస్తే షెడ్డుకు తాళం వేసుకోవాల్సిందేనని ఆమెకు తెలుసు. తండ్రికీ తెలుసు.

సోమవారం పులివెందుల నుంచి ఫణికుమార్ వచ్చాడు. లింగాల దారిలో చిన్న పాలిష్ పని మొదలుపెడుతున్నాడు. రోజుకు రెండు గంటలు నడిపితే చాలు కాబట్టి అతనికి పాత మిషనే గిట్టుబాటు.

"రెండున్నర లక్ష ఇస్తా మామా. శుక్రవారం లోపల చెప్పు. దాటితే నేను ఇంకోటి చూసుకుంటా."

"నాలుగు లక్షల ముప్పై వేలు," అన్నాడు కమాల్ బాషా.

ఫణికుమార్ నవ్వాడు. "ఆ రేటుకు మిషను ఎనకాల నువ్వు గూడా వస్తాండావా ఏంది?"

కమాల్ బాషా నవ్వలేదు. ఫణికుమార్‌కు ఏదో అర్థమై, టీ తాగకుండానే లేచిపోయాడు.

ఆ అంకె ఎక్కడిదో ఫర్హానాకు తెలుసు. రెండున్నర మిషనుది. మిగతా లక్షా ఎనభై వేలు గేర్‌బాక్సుకూ దాని చుట్టూ జరిగిన మరమ్మతుకూ షాహుల్ పెట్టించినవి.

బండల పనిలో లెక్క ఏదైనా సుద్దముక్కతో బండ మీదే వేస్తారు. పాలిష్ నీళ్ళు తగిలితే అదే పోతుంది. బుధవారం సాయంత్రం మిషను ఆపాక ఫర్హానా ఒక నల్లబండను గోడకు ఆనించి సుద్దముక్క తీసుకుంది. ఆమె రాయబోయే లోపల తండ్రి వచ్చి పైన 1,80,000 అని రాశాడు.

"ముందు ఇది రాయి."

"అది అయిపోయిన దుడ్లు అబ్బా. అమ్మినా అమ్మకున్నా తిరిగి రాదు."

"అయిపోయిందని నీ ఆడిటర్ చెప్పినాడా?"

"మీరు తొమ్మిది లక్షలు పెట్టి కొన్యారు గదా ఈ మిషను. అది రాయలేదే? అదీ ఇట్లాదే."

కమాల్ బాషా ఇంకోటి అందుకున్నాడు. "మిషను బాగు చూసేదానికి కలీం మేస్త్రీతో ఏడాదికి ఒప్పందం ఉండాది. ఇంకా ఇరవై నాలుగు వేలు కట్టాల. మిషను అమ్మేస్తే అది దండగే గదా."

"ఉంచుకుంటే కట్టరా?"

"కడతాం."

"అమ్మితే?"

"సంతకం పెట్టినాం గదా. కట్టాల్సిందే."

"రెండు పక్కలా కట్టేదాన్ని ఏ పక్క రాయమంటారు? షెడ్డు బాడుగా అంతే. ఉగాది దాకా మాట ఇచ్చినాం. పాతది తిరిగినా, కొత్తది తిరిగినా, ఏదీ తిరక్కపోయినా ఇయ్యాల. మారేది ఏందో అదే రాస్తా."

రాసింది. కొత్త మిషను పది లక్షలు. ఫణికుమార్ ఇచ్చే రెండున్నర పోతే చేతి నుంచి పెట్టేది ఏడున్నర. కొత్తదానితో కరెంటు, మరమ్మతులు, పగిలే బండలు కలిపి ఏడాదికి రెండున్నర మిగులుతుంది, మూడేళ్ళకు ఏడున్నర. పాతది మూడేళ్ళకు మించి లాగదు. అప్పటికి దాన్ని తూకానికి అమ్మితే యాభై వేలు. కొత్తది అప్పుడు కూడా నాలుగున్నర పలుకుతుంది. పెట్టిన ఏడున్నరకు మిగిలే ఏడున్నర సరిపోయి, కొత్తదానితో ఎక్కువ వచ్చేది నాలుగు లక్షలు.

"ఉంచుకుంటే మనకేమీ ఖర్చు లేదు అనుకుంటాండారు మీరు. ఫణికుమార్ ఇచ్చే దుడ్లు వద్దనుకోవడమే దాని ఖర్చు."

కమాల్ బాషా బండ ముందు గొంతుకూర్చున్నాడు. కింద నుంచి పైకి చదివాడు, పై నుంచి కిందికి చదివాడు.

"ఆ ఏడున్నర యాడిది?"

"మన దగ్గర ఉండేదే గదా. అప్పు చేసే పని లేదు."

"ఉండేది ఊరికే ఉండాదా పాపా? వానలకు ముందు దాంతోనే గదా నేను రాయి కొని దింపుకునేది. గనుల్లో నీళ్ళు నిలిస్తే రాయికి రేటు వస్తాది. ఏటా ఎనభై వేలు తక్కువ లేకుండా మిగిల్తాది. అది ఎవురిస్తారు?"

ఫర్హానా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఫణికుమార్ దుడ్లు వదులుకోవడం ఖర్చని ఇప్పుడే తండ్రికి చెప్పింది. ఇంటి డబ్బు కూడా ఇంకో పని వదులుకునే ఇటు వస్తుందని తనే మరిచిపోయింది.

"నిజమే," అంది. "రాయలేదు."

మూడేళ్ళకు రెండు లక్షల నలభై వేలు తీసేసింది. ఏటా మిగిలే డబ్బుతో మళ్ళీ కొంత రాయి కొనవచ్చు గానీ, అది కలపకుండా గట్టిగానే లెక్కపెట్టింది. అప్పటికీ కొత్తదాని వైపు లక్షా అరవై వేలు మిగిలింది.

చాలాసేపు ఇద్దరూ ఆ అంకెను చూశారు. గెలిచినట్టు ఆమెకు అనిపించలేదు. లెక్క ఇంకోలా వచ్చి ఉంటే బాగుండునని, ఈ వారమంతా తను తిరిగి తిరిగి వెతికింది అదేనని అప్పుడు తెలిసింది.

"రెండున్నరకు ఇచ్చేస్తే," అన్నాడు కమాల్ బాషా, "వాడు ఆ పొద్దు ప్రొద్దుటూరు పోయింది దేనికి?"

ఫర్హానా సుద్దముక్క కింద పెట్టింది.

"మిషను బాగు చేసేదానికి పోయినాడు అబ్బా. బాగైంది. బాగైంది కాబట్టే ఫణికుమార్ ఈపొద్దు రెండున్నర ఇస్తాండాడు."

"అది గూడా నీ లెక్కలో ఉండాదా?"

"ఆ రెండున్నరలోనే ఉండాది. వేరేగా రాయలేం."

ఆయన లేచి, బండను గోడ నుంచి తీసి, రాసిన వైపు కిందికి వచ్చేలా నేల మీద పరిచాడు. మొదట తను రాసిన లక్షా ఎనభై వేలు తుడవలేదు. జేబులోంచి ఫోను తీసి పులివెందులకు చేశాడు.

"ఫణీ, శుక్రవారం లారీ తెచ్చుకో. నీ రేటుకే. గేర్‌బాక్సుకు నూనె సరిగ్గా పోస్తాండు, వేడెక్కితే అరుస్తాది."

శుక్రవారం నమాజు నుంచి వచ్చి తనే నట్లు విప్పాడు. మిషను పైకి లేచినప్పుడు ఎప్పటిలాగే గేర్‌బాక్సు మీద చెయ్యి పెట్టి, లారీ కదిలే దాకా తీయలేదు. ఇంటి దగ్గర భార్య జానీబీ అన్నం పెట్టింది.

కొత్త మిషను వచ్చి పది రోజులైంది. టార్పాలిన్ కప్పుకుని షెడ్డు వాకిట్లో ఉంది. దాని కాళ్ళ కొలత వేరు, పాత మిషను కూర్చున్న సిమెంటు దిమ్మెలో పాత బోల్టులు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని కోసి దిమ్మె చదును చేస్తే గానీ దీన్ని బిగించలేరు. ఆగిన ప్రతిరోజూ ఎంత పోతుందో ఫర్హానా తండ్రికి చెప్పింది. ఆయన తల ఊపాడు. కోసే మనిషి రెండుసార్లు వస్తే, రేపు చూద్దామని తనే తిప్పి పంపాడు.

బోల్టులు ఇంకా కోయలేదు.