బోర్డు మీది రెండో డాక్టరమ్మ

తాండూరులో ఇంటర్వ్యూ బాగానే జరిగింది. అయినా డాక్టర్ అంబికకు మనసు కుదుటపడలేదు. కాన్పుల డాక్టరుకు ఉద్యోగం దొరకడం ఏమంత గొప్ప కాదు, ఏ ఊళ్లోనైనా పిలిచి మరీ కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలోంచి ఒకసారి లేవనిస్తారా అన్నదే అసలు సంగతి.

వికారాబాద్‌లో చంద్రశేఖర్ గారి నర్సింగ్‌హోమ్‌లో చేరిన నాటి నుంచి ఆమెకు తీరిక అన్నది లేదు. పగలంతా ఓపీ, రాత్రంతా ఆన్‌కాల్. ఫోన్ మోగితే తింటున్న కంచం వదిలి పరుగెత్తాలి, మోగకపోతే ఎప్పుడు మోగుతుందోనని కాచుకోవాలి. అందుకే ఊరు దాటి పోవడానికి లేదు. మర్పల్లిలో అమ్మ కొండమ్మ పక్కన ఒక్క రాత్రి పడుకుని ఎన్నేళ్లయిందో గుర్తే లేదు. “డాక్టర్ చదివిస్తే బిడ్డే దొరుకుతలేదు” అని ఆ తల్లి నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు వింటే అంబికకు ఏడుపొస్తుంది. ఇప్పుడు ఆమెకు కావలసింది ఎక్కువ జీతం కాదు. రోజు విడిచి రోజైనా ఫోన్ ఆపేసి పడుకోవాలి, అంతే.

ఇంటర్వ్యూలో మొహమాటపడి అడగలేకపోయింది. మర్నాడు ధైర్యం చేసి తాండూరు హాస్పిటల్ మెడికల్ సూపరింటెండెంట్ భీమప్పకు మెసేజ్ పెట్టింది. ముందు మర్యాదగా థాంక్స్ చెప్పి, తర్వాత విషయానికొచ్చింది. ఆన్‌కాల్ ఎన్ని రోజులు, నా వంతు కాని రోజు ఎవరు చూస్తారు? మత్తు డాక్టర్ అక్కడే ఉంటారా, రక్తం అందుబాటులో ఉంటుందా? మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుంది? ఈ సంగతి మా నర్సింగ్‌హోమ్‌లో తెలియనివ్వకండి అని కూడా చివర్న రాసింది.

మధ్యాహ్నం జవాబొచ్చింది. మత్తు డాక్టర్ హాస్పిటల్ క్వార్టర్స్‌లోనే ఉంటారట. రక్తం నిల్వ చేసే యూనిట్ ఉందట, దానికి లైసెన్సూ ఉందట. నిర్ణయం శుక్రవారం చెబుతారట, అయితే మనసులో ఆమెనే అనుకుంటున్నారట. ఆన్‌కాల్ రోజు విడిచి రోజు అన్న మాట చదివి అంబిక కుర్చీలో వెనక్కి వాలింది. ఎంత హాయిగా అనిపించిందో! కింద ఇంకో వాక్యం ఉంది. “మిగతా రోజులు మీ వికారాబాద్ నుంచే డాక్టర్ అమూల్య వస్తారు. వచ్చే నెల నుంచి మా చైర్మన్‌కూ మీ చంద్రశేఖర్ సార్‌కూ ఒప్పందం.”

అమూల్య చంద్రశేఖర్ గారి కోడలు. హైదరాబాద్‌కు కాపురం మార్చి, ప్రాక్టీసు మానేసి రెండేళ్లయింది. పేరు మాత్రం నర్సింగ్‌హోమ్ బోర్డు మీద అంబిక పేరుకు పైనే అలా ఉండిపోయింది. ఇద్దరు డాక్టరమ్మలు ఉన్నారంటే జనం ధైర్యంగా వస్తారని పెద్దాయన ఎన్నడూ చెరపనివ్వలేదు. ఇట్లాంటి బోర్డులు ఏ ఊళ్లో లేవు గనుక!

అంబిక నేరుగా ఆయన గదికి వెళ్లింది. “సార్, తాండూరుకు మన దిక్కు నుంచి డాక్టర్ పోవాలంట గదా.”

“నేనే చెప్దామనుకుంటున్ననమ్మా” అన్నాడు చంద్రశేఖర్, కళ్లద్దాలు తుడుచుకుంటూ. “రోజు విడిచి రోజు. ఎమర్జెన్సీ ఉంటెనే. కారు వాళ్లే పంపుతరు.”

“అమూల్య మేడం వస్తరన్నరట.”

“ఆమె ఏడొస్తది? ఇద్దరున్నరంటెనే వాళ్లు ఒప్పుకున్నరు. పేరు ఆమెది, పోయేది నువ్వు.”

“నేను ఆడ ఉన్నప్పుడు ఈడ కేసొస్తే?”

“జర సర్దుకుందాం. ఫికర్ చెయ్యకు” అని, ఇంట్లో పిల్లకు చెప్పినట్టు చెప్పి, మాట ముగించాడు.

అంబికకు ఒళ్లు మండిపోయింది. మెట్ల కిందికి వచ్చి భీమప్పకు ఫోన్ చేసింది. నిజం చెబితే ఉన్న ఉద్యోగానికీ ఎసరు రావచ్చు, అయినా చెప్పేసింది. “సార్, అమూల్య మేడం ఇక్కడ లేరు. ప్రాక్టీసే బంద్ చేసిన్రు. ఇక్కడ కాన్పుల డాక్టర్ను నేనొక్కదాన్నే.”

భీమప్ప వెంటనే లెక్క కట్టాడు. “అంటే ఆ మిగతా రోజులు రావాల్సింది మీరేనా మేడం?”

“నేనే. నేను మీ దగ్గర చేరితే ఇక్కడి నుంచి పంపడానికి ఎవరూ ఉండరు.”

“అట్లయితే ఆన్‌కాల్ రోజూ మీ మీదనే పడతది. ఇంకో డాక్టర్ దొరికేదాక. దొరుకుతరని నేను అబద్ధం చెప్ప.” ఆ మనిషి గొంతులో నిజంగానే జాలి ఉంది. “శుక్రవారం లోపల ఆలోచించుకోండి.”

“చేరనంటే ఏమైతది సార్?”

“మా చైర్మన్ ఒప్పందం వదులుకోడు” అన్నాడు భీమప్ప. “చేరకపోయినా మీరే వస్తరు గద మేడం, అమూల్య పేరు మీద.”