తీసేసిన పన్నెండు సెకన్లు

సర్వపిండి వీడియోను అప్పటికే లక్షా ఎనభై వేల మంది చూశారు. దాని కింద ఒక తల్లి ఇలా రాసింది: “మా పాపకు పదమూడేళ్లు. మీరు చూపించినట్టే చేసింది. మొదటిది బాగానే వచ్చింది. రెండోది తట్టబోయి నాలుగు వేళ్లూ కాల్చుకుంది. వేడి గిన్నెలో చెయ్యి పెట్టమని చూపిస్తారా ఎవరైనా?”

దాని కిందే ఛానల్ పేరుతో జవాబు ఉంది: “సారీ మేడం. వంట చేసే అమ్మ చెప్పడం మరిచిపోయింది. పల్లెటూరి మనిషి, పట్టించుకోకండి.”

జనగామ నుంచి తిరిగొచ్చి సుబేదారిలో ఆటో దిగుతూ కావ్య ఈ రెండూ చదివింది. ఆ వీడియో ఎడిట్ చేసింది తనే. వండిన మొగిలమ్మ చెప్పడం మరిచిపోలేదన్న సంగతి ఆమెకు తెలుసు. ఆ మాటను హెడ్‌ఫోన్స్‌లో కనీసం ఇరవైసార్లు విన్నది.

ఛానల్ ఓంప్రకాశ్‌ది. వరంగల్ బజారులో ఆయనకు గిన్నెల దుకాణం ఉంది. దుకాణానికి పేరు రావాలని ఇంటి వంటల వీడియోలు మొదలుపెట్టాడు. చాలా ఏళ్లుగా ఆయన దగ్గరే గిన్నెలు కొనే మొగిలమ్మను పాలంపేట వైపు నుంచి పిలిపించుకున్నాడు. ఆమె పొద్దున బస్సెక్కి వచ్చి, సుబేదారిలో ఓంప్రకాశ్ ఇంటి వంటగదిలో వండి, సాయంత్రం వెళ్లిపోయేది. రెండు ఫోన్లతో చిత్రీకరించడం, తర్వాత దుకాణం లాప్‌టాప్‌లో కూర్చి వీడియోగా మలచడం కావ్య పని.

సర్వపిండికి కావ్య మూడు రోజులు కష్టపడింది. పై నుంచి తీసిన క్లిప్పులు, పక్క నుంచి తీసినవి కలిపి గంటా పది నిమిషాలున్నాయి. బియ్యప్పిండి పళ్లెంలో పడేటప్పుడే దాని పేరు, కొలత తెర మీద వచ్చేలా పెట్టింది. తెల్ల పిండి మీద తెల్ల అక్షరాలు కనబడవని వెనకాల నల్లటి పట్టీ వేసింది. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, వెల్లుల్లి, కారం, అన్నీ అలాగే. కొలతల కోసం మొగిలమ్మ గుప్పెళ్లను కప్పుతో, చెంచాతో కొలిచి రాసుకుంది. ప్రతి అంచెకూ అడుగున ఒక్క వరుస మాట. మొగిలమ్మ చెయ్యి పిండిలోంచి లేచే చోట కత్తిరించి, మళ్లీ పిండిలోకి దిగే చోట అతికించింది. అలా అతికిస్తే చూసేవాళ్లకు కుదుపు తెలియదు. మూత కింద పిండి కాలుతున్న చిటపట శబ్దాన్ని మాత్రం కత్తిరింపుల కింద తెగకుండా సాగనిచ్చింది.

ఆ పిండి ముద్దను సర్వ అనే లోతైన గిన్నె లోపలి గోడలకు పలుచగా తట్టి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాల్చాలి. మొదటిది తీసిన తర్వాత సర్వ సెగలు కక్కుతుంటుంది. మొగిలమ్మ దాన్ని చాలాసేపు పక్కన పెట్టి, ఆపైన కుళాయి కింద బోర్లించి, నీళ్లు పోసి, తుడిచి, బయట వేలితో తాకి చూసి, అప్పుడు రెండో ముద్ద అందుకుంది. అదంతా కావ్య పన్నెండు సెకన్లకు కుదించింది. అడుగున “సర్వ పూర్తిగా చల్లారాకే రెండోది తట్టండి” అని రాసింది. ఫైలు ఓంప్రకాశ్‌కు అప్పగించి అక్క ప్రసవానికి జనగామ వెళ్లింది. ఆ హడావిడిలో వీడియో బయటకు వచ్చాక మళ్లీ చూడలేదు.

ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి చూసింది. మొదటి సర్వపిండి పళ్లెంలోకి జారింది. మరుక్షణమే మొగిలమ్మ చెయ్యి అదే సర్వలో రెండోది తడుతోంది. ఆ పన్నెండు సెకన్లు లేవు, అడుగున రాత లేదు. కెమెరా కదల్లేదు, సర్వ అదే చోట ఉంది. అతుకు తెలియనే లేదు. ఆ పిల్ల పొరపాటు పడిందంటే పడదా మరి?

కావ్య మళ్లీ ఆటో ఎక్కి నేరుగా దుకాణానికి వెళ్లింది. ఓంప్రకాశ్ దాచలేదు. ఆ చోట జనం వీడియో వదిలి పోతారని తనే తీసేశానన్నాడు. పైగా చల్లార్చడం చూపిస్తే ఈ గిన్నెతో ఇంత తిప్పలా అనుకుంటారన్నాడు.

“మరి మొగిలమ్మ పెద్దమ్మ మరిచిపోయిందని ఎందుకు రాసిన్రు?” అని కావ్య అడిగింది.

“ఆమె ఫోన్ చూస్తదా ఏమన్న? దుకాణం పేరు ఖరాబైతది కావ్యా. జర సమజ్ చేసుకో.”

ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పాడు. మర్నాడు మొగిలమ్మ వస్తుంది. తప్పయిందని ఆమెతో ఒక అర నిమిషం చెప్పించి, చిన్న వీడియో చేసి పెట్టాలి. ఆమెకు ఫోన్ చేసి, ఏదో పొరపాటు జరిగిందని చెప్పేశాడు కూడా. కావ్య దుకాణం లాప్‌టాప్ తీసుకుని బయటికి వచ్చింది. ఒక ముసలామె చేతులు, గొంతు, వంట అన్నీ వాడుకుని, తన చేత్తో తాను చేసిన తప్పును ఆమె నెత్తిన వేసి, దానికి సంజాయిషీ కూడా ఆమెతోనే చెప్పిస్తాడట.

మర్నాడు మొగిలమ్మ వంటగదిలో పీట మీద కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది. రాత్రంతా ఆ పిల్ల చెయ్యే కళ్లముందు మెదిలిందట. చెప్పలేదేమోనని తనను తానే తిట్టుకుందట. ఓంప్రకాశ్ ఫోన్ స్టాండు సరిచేస్తుండగా, కావ్య లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టి అసలు క్లిప్పు నడిపించింది. నీళ్ల చప్పుడు మధ్య మొగిలమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

“సర్వ సల్లగయ్యేదాక సెయ్యి వెట్టకుర్రి బిడ్డా. సర్రున కాల్తది.”

మొగిలమ్మ రెండోసారి పెట్టమంది. మళ్లీ విని ఓంప్రకాశ్ వైపు తిరిగింది.

“నేను చెప్పిన గద సేటూ. నా మాట నువ్వే తీసేసి, నేను మర్సిపోయిన అనుడేంది?”

ఆయన ఏదో సర్దబోయాడు. ఆ వీడియో అంతమంది చూశాక ఇప్పుడు తీసేస్తే ఆ చూసినవాళ్ల లెక్కంతా పోతుందన్నాడు. పెట్టిన వీడియోలోంచి ముక్క తీయవచ్చు గానీ కొత్త ముక్క చేర్చలేమన్నాడు. అది నిజమే.

“అట్లయితే నన్ను తీసెయ్యి. నా సేతులు, నా గొంతు అండ్ల ఉండద్దు,” అన్నది మొగిలమ్మ.

కావ్య అక్కడే కూర్చుని ప్రాజెక్టుకు నకలు తీసి, మొగిలమ్మ ఉన్న క్లిప్పులన్నీ ఒక్కొక్కటే తొలగించింది. తొమ్మిది నిమిషాల వీడియోలో పదిహేడు సెకన్లే మిగిలాయి. పళ్లెంలో పిండి, ఖాళీ సర్వ, దుకాణం బోర్డు. “ఇది పెట్టుకోండి అంకుల్,” అని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

ఓంప్రకాశ్ ఆ పదిహేడు సెకన్లూ చూశాడు. మళ్లీ మొదటి నుంచి నడిపించాడు. చివరికి పాత వీడియోను ఎవరికీ కనబడకుండా దాచేసి, చల్లార్చే భాగంతో కొత్తది పెట్టమని ముక్తసరిగా అన్నాడు. అందుకు మొగిలమ్మ ఒప్పుకుంది.

కావ్య ఈసారి పన్నెండు సెకన్లను ఇరవై ఐదు చేసింది. మొగిలమ్మ మాటను మొత్తం ఉంచింది. అడుగున రాతను మామూలు తెలుగులోకి మార్చకుండా ఆమె అన్నట్టే రాసింది. వీడియో కింద ఒక వాక్యం చేర్చింది: “పాత వీడియోలో గిన్నె చల్లార్చే భాగం ఎడిటింగ్‌లో తీసేశాం. వండిన మొగిలమ్మ గారు ఆ జాగ్రత్త చెప్పారు. తప్పు మాది.”

‘మాది’ అన్న మాట దగ్గర ఓంప్రకాశ్ వేలు పెట్టి ఇది అవసరమా అని అడిగాడు. కావ్య అప్‌లోడ్ నొక్కింది.

వారం గడిచినా ఆ వీడియోను ఆరు వందల మందే చూశారు. ఓంప్రకాశ్ రోజుకోసారి ఆ సంగతి ఎత్తిచూపేవాడు. రెండోవారం కావ్య ఆయన దగ్గర వీడియోల పని మానేసింది. మొదటి వ్యాఖ్య రాసిన తల్లి కొత్త వీడియో కింద కూడా రాస్తే, ఆమెకు మాత్రం జవాబుగా జరిగిందంతా రాసింది. ఆమె నుంచి ఒక ఫోన్ నంబరు వచ్చింది. కావ్య మొగిలమ్మ ఊరికి వెళ్లి ఆ నంబరు కలిపింది. మొగిలమ్మ ఆమె ఫోన్‌లోంచే ఆ పిల్లతో మాట్లాడింది. వేళ్లు ఎట్లున్నయని అడిగింది, చర్మం వస్తాందా అని అడిగింది. ఆఖర్న, “నీ తప్పు లేదు బిడ్డా, నా తప్పు గూడ లేదు,” అని గట్టిగా చెప్పింది.