ముప్ఫయ్యేడో రోజు ప్యాకెట్

తెనాలిలో ఒక బ్లడ్ బ్యాంకులో పదకొండేళ్లుగా టెక్నీషియన్‌ని. ప్రమీలకు నోరు ఊరుకోదని మా డాక్టరుగారు నన్ను అంటూ ఉంటారు. నిజమే.

ఆ ఉదయం రేపల్లె నుంచి నాగబాబు బండి మీద వచ్చాడు. చేపల వ్యాపారి. భార్య నాగవేణికి కాన్పయింది, అక్కడి నర్సింగ్‌హోములో రక్తం ఆగకుండా పోతోంది. ఆమెది ఓ నెగెటివ్. మొదటి బిడ్డది పాజిటివ్ రక్తం; అలాంటి కాన్పప్పుడు తల్లికి వేయాల్సిన ఇంజక్షన్ ఎవరూ వేయలేదు, దాంతో పాజిటివ్ రక్తానికి ఆమె ఒంట్లో విరుగుడు తయారైంది. ఇప్పుడు పాజిటివ్ రక్తం ఎక్కిస్తే ఆమె ఒళ్లే దాన్ని నాశనం చేసేస్తుంది.

బాపట్ల నుంచి ఆమె తమ్ముడు కిరీటి రక్తమివ్వడానికి పరుగున వచ్చాడు. అదే గ్రూపు, హిమోగ్లోబిన్ పద్నాలుగు. కానీ పోయిన నెల మలేరియాకు మందులు వాడానని తనే చెప్పాడు. తగ్గాక మూడు నెలలు ఆగాలి. పరీక్షకు దొరకనంత కొద్దిగా క్రిములు రక్తంలో మిగిలి ఉండొచ్చు. నిజం చెప్పిన మనిషిని వద్దనాల్సి వచ్చినందుకు నా ఉద్యోగం మీదే కోపమొచ్చింది.

ఫ్రిజ్‌లో ఓ నెగెటివ్ ఒక్కటే ఉంది. అన్ని పరీక్షలూ దాటిన ప్యాకెట్, ముప్ఫయ్యేడో రోజు. నలభై రెండు దాకా వాడొచ్చు. నాగబాబు తెచ్చిన నాగవేణి రక్తం శాంపిల్‌తో సరిచూస్తే సరిపోయింది. తేదీ చూసి నాగబాబు పాతదా అని అడిగాడు. పనికొస్తుందని చెప్పి ఊరుకోవచ్చు కదా, పాఠం మొదలుపెట్టాను. ఫ్రిజ్‌లో ఉన్నా ఎర్ర కణాలు బతికే ఉంటాయని, చక్కెరను తింటూ పులుపెక్కుతాయని, వాటిలోని పొటాషియం బయటికి కారుతుందని, మెత్తటి కణాలు బిరుసెక్కి సన్నటి నాళాల్లో దూరలేవని, కొన్ని పగులుతాయని, అందుకే గడువని చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. చల్లటి ప్యాక్‌లున్న పెట్టెలో పెట్టిచ్చి, త్వరగా వెళ్లమన్నాను.

మధ్యాహ్నం రేపల్లె డాక్టరమ్మ ఫోన్ చేసింది. ప్యాకెట్ ఐసుగడ్డలా బిగిసి ఉందట, అంచుల్లో కరిగిన నీరు ముదురు ఎరుపట. అలా ఐసుకట్టిన కణాలు పగిలిపోతాయి, ఎక్కించడానికి లేదు. గుంటూరు నుంచి ఇంకోటి బయల్దేరదీయించాను. గడువు గురించి అంత చెప్పాను, ఐసు తగలనివ్వొద్దని ఒక్క ముక్క చెప్పలేదు. గుంటూరు ప్యాకెట్ చేరేసరికి నాగవేణి లేదు.

సాయంత్రం నాగబాబు ఫోన్ చేశాడు. ఏడవడం లేదు, అదే నాకు భరించలేనిదైంది.

"అక్కా, మీరు పాతదన్నారు కదండీ. దారిలో పాడైపోద్దేమోనని భయమేసింది. వేమూరు కాడ ఆగి, ఐసులో ఉప్పు కలిపి అందులో పూడ్చానండి. రొయ్యలకి అట్టాగే చేస్తాం, ఉప్పేస్తే ఐసు ఇంకా చల్లబడిద్ది. ఎక్కడ తప్పు చేశానండి?"

తప్పు నీది కాదు, నాది అన్నాను. అతను వినిపించుకోలేదు.

"ఉప్పు ఎక్కువేశానేమో అక్కా," అన్నాడు.